హెల్ప్ సిండ్రోమ్: రక్తపరీక్షలు చూపే తేడా, కాన్పు తప్పనిసరయ్యే కారణం

గర్భం ఎనిమిదో నెలలో ఉన్న స్త్రీకి ఒక రాత్రి పొట్ట పైభాగాన, రొమ్ము ఎముక కిందుగా, ఆగకుండా నొప్పి మొదలవుతుంది. నొప్పి కుడి పక్కటెముకల అంచు వరకూ పాకుతుంది, రెండు మూడు సార్లు వాంతి అవుతుంది, ఒళ్లంతా జ్వరం వచ్చేముందు ఉన్నట్టు నలతగా ఉంటుంది. రక్తపోటు కొలిస్తే 146/94 ఉంటుంది. అది మామూలు కన్నా ఎక్కువే గానీ, చూడగానే భయపడేంత ఎక్కువ కాదు. ఇలాంటి స్త్రీకి ఎసిడిటీ మాత్ర ఇచ్చి ఇంటికి పంపడం, లేదా పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని స్కానింగ్‌కు రాసి మర్నాడు రమ్మనడం చాలా సులభంగా జరిగిపోయే పొరపాటు. హెల్ప్ సిండ్రోమ్ అనే జబ్బు తరచూ ఈ రూపంలోనే వస్తుంది. రక్తపోటు యంత్రం ముందు కూర్చుని దీన్ని పట్టుకోలేం. దీని ఆనవాళ్లు రక్తంలో ఉంటాయి, అవి కూడా ఒక్కసారి తీసిన రక్తంలో కాకుండా కొన్ని గంటల తేడాతో రెండు మూడు సార్లు తీసిన రక్తంలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ పేరు పెట్టింది అమెరికన్ ప్రసూతి వైద్యుడు లూయిస్ వైన్‌స్టీన్. 1982లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రంలో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాతో వచ్చిన కొందరు గర్భిణుల్లో మూడు మార్పులు కలిసి కనిపిస్తున్నాయని రాశారు. ఎర్ర రక్తకణాలు రక్తనాళాల్లోనే చితికిపోవడం, అంటే హిమోలిసిస్, మొదటిది. కాలేయ ఎంజైములు పెరగడం రెండోది. ప్లేట్‌లెట్లు తగ్గడం మూడోది. ఆ మూడింటి ఇంగ్లిషు పేర్ల మొదటి అక్షరాలను కూర్చి హెల్ప్ అన్నారు. ఇలాంటి కేసులను అంతకుముందు కూడా వైద్యులు గమనించి రాశారు గానీ, ఈ మూడూ ఒకే ప్రక్రియకు మూడు ముఖాలన్న ఆలోచన ఈ పేరుతోనే స్థిరపడింది. పేరు మూడు వేర్వేరు పరీక్షల జాబితాలా వినిపించినా, ఈ మూడింటినీ కలిపి చదవడం తెలిస్తేనే తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాకూ దీనికీ ఉన్న తేడా అర్థమవుతుంది.

ఆ తేడాను చూసేముందు, తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా అని దేన్నంటారో చెప్పుకోవాలి. గర్భం 20 వారాలు దాటాక కొత్తగా రక్తపోటు పెరిగి, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడం గానీ, ఏదైనా అవయవం దెబ్బతిన్న సూచన గానీ ఉంటే అది ప్రీఎక్లాంప్సియా. రక్తపోటు పై అంకె 160 లేదా కింది అంకె 110 చేరితే అది తీవ్రమైనదవుతుంది. రక్తపోటు అంత పెరగకపోయినా, ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు లక్ష కన్నా తగ్గినా, కాలేయ ఎంజైములు గరిష్ఠ పరిమితికి రెట్టింపు దాటినా, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాములు మించినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మందులకు లొంగని తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ ఉన్నా తీవ్రమైనదిగానే లెక్కిస్తారు. అంటే ప్లేట్‌లెట్లు తగ్గడం, ఎంజైములు పెరగడం అనే రెండు మార్పులు హెల్ప్ సిండ్రోమ్‌కే పరిమితమైనవి కావు. వాటిలో ఏదో ఒకటి తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాలోనూ ఉండవచ్చు. చదివేవారు తికమకపడేది సరిగ్గా ఇక్కడే, వైద్యులు కూడా ఒక్కోసారి తడబడేది ఇక్కడే.

హెల్ప్ సిండ్రోమ్ అని నిర్ధారించడానికి ఎక్కువగా వాడే కొలమానం ప్రకారం మూడు షరతులూ కలిసి ఉండాలి. కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ అనే ఎంజైము లీటరుకు 600 యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైములు గరిష్ఠ పరిమితికి రెట్టింపు దాటాలి, ప్లేట్‌లెట్లు లక్షకు దిగువన ఉండాలి. మరో వర్గీకరణ ప్లేట్‌లెట్ల సంఖ్యను బట్టి జబ్బును మూడు తరగతులు చేస్తుంది. 50 వేలు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే మొదటి తరగతి, 50 వేలు దాటి లక్ష వరకు ఉంటే రెండోది, లక్ష దాటి లక్షన్నర వరకు ఉంటే మూడోది. ఈ రెండో పద్ధతిలో ఉన్న మేలు ఏమిటంటే, లక్షా ఇరవై వేల ప్లేట్‌లెట్లతో వచ్చిన స్త్రీని "ఇంకా హెల్ప్ కాదు" అని పక్కన పెట్టేయకుండా, అదే దారిలో ముందు మజిలీలో ఉన్నట్టుగా చూడమని అది గుర్తుచేస్తుంది.

అసలైన తేడా హిమోలిసిస్‌లో ఉంది. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాలో రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తంలోని ద్రవభాగం కణజాలాల్లోకి కారిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ తగ్గకపోగా కొంచెం పెరిగి కనిపిస్తుంది. గర్భం చివరి నెలల్లో 11 దగ్గర ఉండవలసిన హిమోగ్లోబిన్ 13 దాటి ఉంటే, అది మంచి పోషణకు గుర్తని సంతోషించకుండా ఒకసారి అనుమానించాలి. హెల్ప్ సిండ్రోమ్‌లో దీనికి వ్యతిరేకమైన మార్పు కూడా అదే సమయంలో సాగుతుంది. సన్నని రక్తనాళాల గోడలకు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులు, ప్లేట్‌లెట్ల గడ్డలు అంటుకుని దారి ఇరుకవుతుంది. ఆ పోగుల మధ్యనుంచి ఒత్తిడితో దూసుకెళ్లే ఎర్ర రక్తకణాలు కోసుకుపోయి ముక్కలవుతాయి. చిక్కబడటం హిమోగ్లోబిన్‌ను పైకి లాగుతుంటే, కణాలు చితికిపోవడం కిందికి లాగుతుంది. రెండూ సమానమైన చోట రిపోర్టులో "సాధారణం" అన్న అంకె కనిపిస్తుంది. అందుకే హిమోగ్లోబిన్ మామూలుగా ఉందన్న ఒక్క కారణంతో హిమోలిసిస్ లేదనుకోవడం తప్పు.

ఎర్ర కణాలు చితికినప్పుడు వాటిలోని ఎల్‌డీహెచ్ బయటికి వస్తుంది. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు కూడా ఎల్‌డీహెచ్ బయటికే వస్తుంది. కాబట్టి ఎల్‌డీహెచ్ 600 దాటడం ఒక్కటే హిమోలిసిస్‌కు పూర్తి రుజువు కాదు. గట్టి రుజువు కావాలంటే మూడు చోట్ల చూడాలి. గాజు పలకపై రక్తపు చుక్కను పలచగా పరిచి మైక్రోస్కోపు కింద చూస్తే, టోపీల్లాగా, కోణాలు తేలిన పెంకుల్లాగా కనిపించే విరిగిన కణాలు, అంటే షిస్టోసైట్లు, కనిపిస్తాయి. బిలిరుబిన్ 1.2 దాటుతుంది, అందులో ఎక్కువ భాగం కాలేయం ఇంకా శుద్ధి చేయని పరోక్ష బిలిరుబిన్ అయి ఉంటుంది. ఇక చితికిన కణాలనుంచి రక్తంలో కలిసిన హిమోగ్లోబిన్‌ను పట్టుకుని తొలగించే హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఖర్చయిపోయి డెసిలీటరుకు 25 మిల్లీగ్రాముల దిగువకు, చాలాసార్లు కొలవలేనంత తక్కువకు పడిపోతుంది. ఈ మూడింటిలో హాప్టోగ్లోబిన్ ముందుగా, స్పష్టంగా మాట్లాడుతుంది. అయితే ఆ పరీక్ష ప్రతిచోటా గంటల్లో దొరకదు కాబట్టి, రక్తపు చుక్కను శ్రద్ధగా చూసే పాథాలజిస్టు విలువ ఈ జబ్బులో చాలా ఎక్కువ.

కాలేయ ఎంజైముల విషయంలోనూ ఒక గమనిక అవసరం. గర్భిణుల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే పెరుగుతుంది, ఎందుకంటే మాయ కూడా దాన్ని తయారు చేస్తుంది. కాబట్టి ఆ ఒక్క ఎంజైము పెరగడానికి ఇక్కడ అర్థం లేదు. చూడవలసింది ఏఎస్‌టీ, ఏఎల్‌టీ. గర్భంలో ఇవి మామూలుగా పెరగవు, పైగా కొంచెం తగ్గే ఉంటాయి. అందువల్ల 80, 90 అన్న అంకె కాలేయ వైద్యుడికి చిన్నదిగా తోచినా ప్రసూతి వైద్యుడికి చిన్నది కాకూడదు. క్రియాటినిన్‌కూ ఇదే వర్తిస్తుంది. గర్భంలో అది 0.4 నుంచి 0.8 మధ్య ఉంటుంది కాబట్టి, 1.0 అన్నది ల్యాబు కాగితంపై సాధారణ పరిధిలో ఉన్నా ఆమెకు అది పెరుగుదలే.

గడ్డకట్టే పరీక్షలు మరో కీలకమైన ఆధారం. హెల్ప్ సిండ్రోమ్ మాత్రమే ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ప్రోథ్రాంబిన్ టైము, ఫైబ్రిన్‌గా మారే ఫైబ్రినోజన్ సాధారణంగా బాగానే ఉంటాయి. ప్లేట్‌లెట్లు తగ్గుతూ ఇవి కూడా చెడిపోతే రెండు అనుమానాలు రావాలి. ఒకటి, మాయ గర్భాశయ గోడనుంచి ముందుగానే విడిపోవడం. రెండోది, గర్భంలో అరుదుగా వచ్చే తీవ్ర కొవ్వు కాలేయం. ఈ రెండో జబ్బులో రక్తంలో చక్కెర పడిపోతుంది, ప్రోథ్రాంబిన్ టైము పొడుగవుతుంది, హెల్ప్‌లో ఇవి మామూలుగా జరగవు. ఫైబ్రినోజన్‌ను చదవడంలో కూడా గర్భాన్ని గుర్తుపెట్టుకోవాలి. చివరి నెలల్లో అది 400 పైన ఉండటం సహజం కాబట్టి, 220 అన్న రిపోర్టులో ఎర్ర గుర్తు లేకపోయినా అది మంచి వార్త కాదు.

పరీక్ష పేరుతో పొరపాటు జరిగే సందర్భాలను కూడా చెప్పాలి. సన్నని సూదితో, గట్టిగా లాగి తీసిన రక్తం సీసాలోనే చితికిపోతే ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అబద్ధంగా పెరుగుతాయి. అలాంటప్పుడు పొటాషియం కూడా పెరిగి కనిపిస్తుంది, వేరుపడిన సీరం ఎర్రగా ఉంటుంది. గులాబీ రంగు సీరాన్ని చూసి నమూనా పాడైందని పారేయడం తరచూ జరుగుతుంది గానీ, ఈ స్త్రీలలో ఆ రంగు శరీరంలోపలి హిమోలిసిస్ వల్ల కూడా రావచ్చు. కాబట్టి రెండోసారి జాగ్రత్తగా రక్తం తీసి చూడాలి, అది కూడా వెంటనే. అలాగే కొందరి రక్తం, గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన సీసాలో ప్లేట్‌లెట్లు గుంపుగా అంటుకునేలా ప్రవర్తిస్తుంది, యంత్రం వాటిని తక్కువగా లెక్కపెడుతుంది. రక్తపు చుక్కను కంటితో చూస్తే ఆ గుంపులు కనిపిస్తాయి. గర్భంలో ఏ జబ్బూ లేకుండానే ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గడం కూడా ఉంది. అయితే అది సాధారణంగా లక్షకు పైనే ఆగుతుంది, వారాల తరబడి నెమ్మదిగా సాగుతుంది, ఎంజైములు కదలవు, నొప్పి ఉండదు.

ఇక రక్తపోటు విషయానికొస్తే, హెల్ప్ సిండ్రోమ్ ఉన్నవారిలో సుమారు 15 శాతం మందికి రక్తపోటు పెరగడం గానీ, మూత్రంలో ప్రోటీన్ పోవడం గానీ ఉండకపోవచ్చు. కాబట్టి రక్తపోటు ఎంత ఉంది అన్న ప్రశ్నతోనే విచారణ ముగిస్తే వీరిలో కొందరు చేజారిపోతారు. పొట్ట పైభాగపు నొప్పి, నలత మాత్రం పది మందిలో తొమ్మిది మంది వరకు చెబుతారు. ఆ నొప్పి కాలేయంలోని సన్నని నాళాల్లో ఫైబ్రిన్ అడ్డుపడి, కణాలు చచ్చి, వాచిన కాలేయం దాని మీది పొరను సాగదీయడం వల్ల వస్తుంది. గర్భం సగం దాటిన స్త్రీ చెప్పే ఈ నొప్పికి, మరేదైనా కారణం తేలేలోపు, రక్తకణాల లెక్క, కాలేయ ఎంజైములు, ఎల్‌డీహెచ్ చూడడం కనీస కర్తవ్యం. గట్టిగా నొక్కి పొట్ట పరీక్షించడం మంచిది కాదన్న జాగ్రత్త కూడా ఈ నొప్పికి సంబంధించినదే, వాచిన కాలేయపు పొర కింద రక్తం చేరి ఉంటే ఆ నొక్కుడే దాన్ని చింపవచ్చు.

ఈ జబ్బులో ఒక అంకె కన్నా ఆ అంకె కదులుతున్న దిక్కు ముఖ్యమన్నది ఒక ఉదాహరణతో బాగా తెలుస్తుంది. ఇది జబ్బు సాధారణంగా నడిచే తీరును చూపడానికి కూర్చిన ఉదాహరణే గానీ ఏ ఒక్కరి కథా కాదు.

తొలిచూలు గర్భిణి, 31 వారాల 5 రోజులు. మొదట చెప్పిన నొప్పితోనే రాత్రి పది గంటలకు ఆసుపత్రికి వచ్చింది. రక్తపోటు 146/94, మూత్రంలో ప్రోటీన్ ఒక ప్లస్. హిమోగ్లోబిన్ 13.4, ప్లేట్‌లెట్లు 1,38,000, ఏఎస్‌టీ 96, ఏఎల్‌టీ 88, ఎల్‌డీహెచ్ 540, బిలిరుబిన్ 0.9. ఈ కాగితాన్ని విడిగా చదివితే హెల్ప్ కొలమానాల్లో రెండు ఇంకా అందలేదు. కానీ ఎంజైములు రెట్టింపు దాటాయి, నొప్పి తగ్గడం లేదు, కాబట్టి రక్తపోటు 160 లేకపోయినా ఇది అప్పటికే తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా. మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్‌ను 20 నిమిషాల్లో 4 గ్రాములు, ఆ తర్వాత గంటకు ఒక గ్రాము చొప్పున మొదలుపెట్టారు. శిశువు ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి బీటామెథసోన్ అనే స్టిరాయిడ్ 12 మిల్లీగ్రాముల మొదటి మోతాదు ఇచ్చారు. రెండోది 24 గంటల తర్వాత ఇవ్వాలి. ఆరు గంటల్లో మళ్లీ రక్తం తీయాలని రాశారు. ఆ రాత్రి తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా విలువైనది ఈ చివరిదే.

తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్లేట్‌లెట్లు 94,000. ఏఎస్‌టీ 210, ఎల్‌డీహెచ్ 860, బిలిరుబిన్ 1.6. హిమోగ్లోబిన్ 11.8కి దిగింది, ఎక్కడా రక్తస్రావం లేదు. రక్తపు చుక్కలో విరిగిన కణాలున్నాయి. ఫైబ్రినోజన్ 410, ప్రోథ్రాంబిన్ టైము మామూలు, చక్కెర 92, కాబట్టి కొవ్వు కాలేయం కాదు, మాయ విడిపోయిన సూచన కూడా లేదు. రక్తపోటు మాత్రం 150/96 దగ్గరే ఉంది. రక్తపోటు పట్టికను మాత్రమే చూసేవారికి ఆ ఆరు గంటల్లో ఏమీ జరగలేదు. రక్తపరీక్షలు చూసేవారికి తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా కాస్తా హెల్ప్ సిండ్రోమ్ అయింది.

ఇక్కడినుంచి రెండు జబ్బుల దారులు వేరవుతాయి. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా 34 వారాలలోపు వచ్చి, రక్తపోటు మందులకు లొంగి, రక్తపరీక్షలు నిలకడగా ఉండి, శిశువు బాగుంటే, అన్ని వసతులున్న ఆసుపత్రిలో తల్లిని ఉంచుకుని, రోజూ చూసుకుంటూ కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు కాన్పును వాయిదా వేయవచ్చు. ఆ గడువు శిశువుకు ఎంతో మేలు చేస్తుంది. హెల్ప్ సిండ్రోమ్ అని తేలాక ఆ వాయిదాకు చోటు లేదు. 34 వారాలు దాటితే తల్లిని కుదుటపరచి వెంటనే కాన్పు చేయాలి. అంతకు ముందైతే, తల్లీ బిడ్డా నిలకడగా ఉన్నంతవరకు, స్టిరాయిడ్ మోతాదు పూర్తికావడానికి 24 నుంచి 48 గంటలు వేచిచూడడం కొందరిలో కుదరవచ్చు, కానీ దాన్ని గంటల లెక్కగా చూడాలే తప్ప రోజుల లెక్కగా కాదు. కాలేయపు పొర కింద రక్తం చేరినా, మాయ విడిపోయినా, రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతిన్నా, మూత్రపిండాలు పనిచేయకపోయినా, మూర్ఛ వచ్చినా, శిశువు గుండె చప్పుడు పాడైనా ఆ 24 గంటలూ లేవు.

ఇంత కటువైన నియమం ఎందుకన్నది ఈ జబ్బు ఎక్కడ పుడుతుందో తెలిస్తే అర్థమవుతుంది. గర్భం తొలి నెలల్లో మాయ కణాలు గర్భాశయ గోడలోని మెలికల ధమనుల్లోకి చొచ్చుకెళ్లి, వాటిని వెడల్పైన, మెత్తటి గొట్టాలుగా మార్చాలి. ఆ పని సగంలో ఆగితే ధమనులు ఇరుకుగానే ఉండిపోతాయి, మాయకు రక్తం సరిగా అందదు. అలా ఇబ్బందిపడే మాయ తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలను వదులుతుంది. వాటిలో బాగా అధ్యయనం చేసినది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా నిలిపే వృద్ధి కారకాలను అది పట్టుకుని పనిచేయనివ్వదు. ఆ పొర దెబ్బతిన్నచోట ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, ఫైబ్రిన్ పేరుకుంటుంది, ఎర్ర కణాలు కోసుకుపోతాయి, కాలేయంలోని నాళాలు మూసుకుపోతాయి. మూడు పరీక్షల్లో కనిపించే మూడు మార్పులూ ఈ ఒక్క గొలుసులోని లంకెలు. రోగనిరోధక వ్యవస్థలో భాగమైన కాంప్లిమెంట్ ప్రోటీన్లు కూడా అదుపుతప్పి ఇందులో పాలుపంచుకుంటాయని, కొందరిలో వాటిని అదుపుచేసే జన్యువుల్లోనే లోపం ఉందని ఆధారాలున్నాయి.

దీన్నిబట్టి చేతిలో ఉన్న మందుల పరిమితి కూడా తెలుస్తుంది. లాబెటలాల్, హైడ్రాలజీన్, నిఫెడిపిన్ వంటివి రక్తపోటును తగ్గించి మెదడులో రక్తస్రావం కాకుండా కాపాడతాయి, కానీ మాయ వదిలే పదార్థాలను ఆపలేవు. మెగ్నీషియం మూర్ఛను అడ్డుకుంటుంది, ప్లేట్‌లెట్లను కాదు. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే అవి కూడా అదే పోగులకు అతుక్కుని కొద్ది గంటల్లో ఖర్చయిపోతాయి. అందుకే వాటిని సంఖ్య పెంచడం కోసం కాకుండా, రక్తస్రావం జరుగుతుంటేనో, సిజేరియన్‌కు ముందు సంఖ్య 50 వేల కన్నా తక్కువ ఉంటేనో వాడతారు. తల్లికి ఎక్కువ మోతాదులో డెక్సామెథసోన్ ఇస్తే జబ్బు తిరుగుముఖం పడుతుందన్న ఆశ చాలాకాలం ఉండేది. ప్లేట్‌లెట్ల సంఖ్య కొంత త్వరగా పెరిగినట్టు పరీక్షల్లో కనిపించినా, తల్లి మరణాలు గానీ తీవ్రమైన చిక్కులు గానీ తగ్గినట్టు తేలలేదు. సంఖ్య బాగుపడటం, మనిషి బాగుపడటం ఒకటి కాదని చూపిన మంచి ఉదాహరణ ఇది. మాయ శరీరంలోంచి బయటికి వస్తే తప్ప ఆ ప్రక్రియకు ఊట ఆగదు. కాన్పు ఈ జబ్బుకు ఒక చికిత్స అనడం కన్నా, జబ్బు మూలాన్ని తొలగించడం అనడం సరైనది.

వాయిదా వేస్తే ఏం జరుగుతుందన్నది కూడా తెలిసిందే. 1993లో ప్రచురితమైన 442 గర్భాల వరుసలో, హెల్ప్ ఉన్నవారిలో 21 శాతం మందికి రక్తం గడ్డకట్టే వ్యవస్థ అదుపుతప్పింది, 16 శాతం మందిలో మాయ ముందే విడిపోయింది, దాదాపు 8 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఒక శాతం కొద్దిగా పైన తల్లులు మరణించారు. కాలేయపు పొర కింద రక్తం చేరడం ఒక శాతం లోపే జరిగింది గానీ, అది చిట్లితే ప్రాణం దక్కడం కష్టం. నొప్పి ఉన్నట్టుండి పెరిగి, కుడి భుజానికి పాకి, రక్తపోటు పడిపోతే వెంటనే ఆ అనుమానమే రావాలి.

ఉదాహరణలోని స్త్రీ దగ్గరికి తిరిగివస్తే, ఉదయం పది గంటలకు మూడోసారి తీసిన రక్తంలో ప్లేట్‌లెట్లు 71,000, ఏఎస్‌టీ 265, ఎల్‌డీహెచ్ 1,120. రెండో స్టిరాయిడ్ మోతాదుకు ఇంకా పన్నెండు గంటలకు పైగా ఉంది. ఇక్కడ మత్తు వైద్యుడి లెక్క నిర్ణయాన్ని మార్చింది. వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వడానికి సాధారణంగా 70 వేల ప్లేట్‌లెట్లు ఉంటే ఒప్పుకుంటారు. అంతకు దిగితే వెన్నుపూసల మధ్య రక్తం చేరి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంటుందని పూర్తి మత్తుకు వెళ్లాల్సి వస్తుంది. గొంతు వాచి, రక్తపోటు ఎగుడుదిగుళ్లలో ఉండే ఈ స్త్రీలలో శ్వాస గొట్టం వేయడం అదనపు ప్రమాదం. సంఖ్య ఆరు గంటలకు ఇరవై వేలకు పైగా పడుతున్నప్పుడు, సాయంత్రానికి అది 50 వేల దగ్గర ఉంటుందని ఊహించడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. శిశువుకు ఇంకో పన్నెండు గంటల స్టిరాయిడ్ ఫలితం కోసం ఆగితే, తల్లికి వెన్ను మత్తు అవకాశం పోతుంది, కోతలో రక్తస్రావం పెరుగుతుంది. మొదటి మోతాదు ఇచ్చి అప్పటికే పదకొండు గంటలు గడిచాయి, శిశువుకు కొంత మేలు జరిగే ఉంటుంది. 32 వారాల లోపు శిశువు మెదడుకు మెగ్నీషియం ఇచ్చే రక్షణ కూడా అందింది. గర్భాశయ ముఖం గట్టిగా మూసుకుని ఉంది, నొప్పులు తెప్పించి కాన్పు చేయాలంటే ఒక రోజు దాటవచ్చు. అందువల్ల పదకొండు గంటలకు వెన్ను మత్తుతో సిజేరియన్ చేశారు. కాన్పు తప్పనిసరి అంటే సిజేరియన్ తప్పనిసరి అని అర్థం కాదని ఇక్కడే చెప్పాలి. ఇదే జబ్బు 36 వారాల్లో, గర్భాశయ ముఖం మెత్తబడి ఉన్నప్పుడు వస్తే మామూలు కాన్పుకే ప్రయత్నించేవారు. నొప్పికి కండరంలో ఇంజెక్షన్లు, ప్లేట్‌లెట్ల పనిని తగ్గించే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు మాత్రం రెండు పద్ధతుల్లోనూ మానుకుంటారు.

కాన్పు కాగానే అంకెలు బాగుపడతాయని ఎదురుచూసే కుటుంబం, ఒక్కోసారి అనుభవం తక్కువున్న వైద్యులు కూడా, మర్నాటి రిపోర్టు చూసి కంగారుపడతారు. మాయ బయటికి వచ్చినా, అప్పటికే రక్తంలో చేరిన పదార్థాలు తొలగడానికి, దెబ్బతిన్న పొర బాగుపడడానికి సమయం పడుతుంది. కాబట్టి ప్లేట్‌లెట్లు కాన్పు తర్వాత సుమారు 24 గంటల దగ్గర అతి తక్కువకు చేరతాయి, ఎల్‌డీహెచ్ 24 నుంచి 48 గంటల మధ్య శిఖరానికి చేరుతుంది. ఈమెకు మర్నాడు ప్లేట్‌లెట్లు 48,000, ఎల్‌డీహెచ్ 1,420. రక్తస్రావం లేదు కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. కోత, మూత్రం పరిమాణం, రక్తపోటు గమనిస్తూ మెగ్నీషియాన్ని కాన్పు తర్వాత 24 గంటల వరకు కొనసాగించారు. రెండో రోజు ప్లేట్‌లెట్లు 59,000, మూడో రోజు 92,000, ఐదో రోజు 1,64,000. ఎల్‌డీహెచ్ అదే వరుసలో దిగివచ్చింది. హెల్ప్ సిండ్రోమ్ కేసుల్లో దాదాపు మూడో వంతు కాన్పు తర్వాతే మొదటిసారి బయటపడతాయి లేదా ముదురుతాయి. అందువల్ల బిడ్డ పుట్టిన రెండు రోజులకు పొట్ట పైభాగపు నొప్పితో వచ్చే బాలింతకు కూడా ఈ మూడు పరీక్షలూ చేయాలి.

ఈ తిరుగుముఖం కనిపించకపోతే రోగనిర్ధారణనే మళ్లీ ప్రశ్నించాలి. కాన్పు తర్వాత మూడు రోజులు దాటినా ప్లేట్‌లెట్లు ఇంకా పడుతుంటే, ఎల్‌డీహెచ్ వేలల్లో పెరుగుతూ కాలేయ ఎంజైములు మాత్రం అంతగా పెరగకుండా ఉంటే, లేదా క్రియాటినిన్ రోజురోజుకూ ఎక్కుతుంటే, మూలం మాయలో లేదని అర్థం. ఒకటి థ్రాంబోటిక్ థ్రాంబోసైటోపెనిక్ పర్ప్యూరా కావచ్చు. ఇందులో ఆడమ్స్-13 అనే ఎంజైము పనితనం పది శాతం కన్నా తగ్గిపోతుంది, ప్లేట్‌లెట్లు తరచుగా 30 వేల కిందికి దిగుతాయి, గందరగోళం, మాట తడబడటం వంటి మెదడు లక్షణాలు కనిపించవచ్చు. దీనికి ప్లాస్మా మార్పిడి గంటల్లో మొదలుపెట్టాలి, ఆడమ్స్-13 నమూనాను మాత్రం ఆ మార్పిడికి ముందే తీసి ఉంచుకోవాలి, లేకపోతే ఎక్కించిన ప్లాస్మాలోని ఎంజైము ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తుంది. రెండోది కాంప్లిమెంట్ లోపం వల్ల వచ్చే హిమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్. అందులో దెబ్బ ప్రధానంగా మూత్రపిండాలకు తగులుతుంది, కాంప్లిమెంట్‌ను అడ్డుకునే ఎక్యులిజుమాబ్ వంటి మందు ఎంత తొందరగా మొదలుపెడితే అవి అంత ఎక్కువగా మిగులుతాయి. కాన్పు తర్వాత మూడో రోజున తీసే రక్తం, ఈ మూడు జబ్బులనూ ఒకదాన్నుంచి ఒకటి విడదీసే రక్తం.